ప్లేగ్రూపులో వంటింటి గింజలతో సెన్సరీ టబ్బులు: గింజ ఎంపిక నుంచి ఊడ్చి ఎత్తేదాకా

మా అపార్ట్‌మెంటులో వారానికి ఒక రోజు ఆరుగురు పసిపిల్లలు కలిసి ఆడుకుంటారు. సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు వాళ్లు. గింజల టబ్బు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒక అమ్మ అడుగుతుంది: ఏ గింజ పోశారు, ఎంత పోశారు, నోట్లో పెట్టుకుంటే ఎలా, ఇల్లంతా చల్లితే ఎలా అని. అందరికీ ఒకేసారి చెప్పడానికి ఇది రాస్తున్నాను. బజారులో కొనవలసింది దాదాపు ఏమీ లేదు. వంటింట్లో ఉన్నవాటిలో ఏవి వాడకూడదో తెలుసుకోవడమే అసలు పని.

సెన్సరీ టబ్బు అంటే వెడల్పాటి తొట్టిలో గింజలు పోసి, పిల్లలు చేతులు పెట్టి తోడడానికి, పోయడానికి, వెతకడానికి వదిలేయడం. మూడేళ్ల లోపు పిల్లలకు నేను పాటించే నియమం ఒక్కటే: ఒక టబ్బుకు ఒక పని. పోసే టబ్బు, తోడే టబ్బు, వెతికే టబ్బు. అన్నీ ఒకే దాంట్లో కుమ్మరిస్తే రెండు నిమిషాల్లో గింజలు నేల మీద ఉంటాయి, పిల్లలు సోఫా మీద ఉంటారు.

## 1. ముందు పిల్లలను చూడండి, తరువాత గింజను ఎంచుకోండి

పిల్లల వయసు ఒక్కటే చూస్తే చాలదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా ఉందా లేదా అన్నది ముఖ్యం. రెండున్నరేళ్లు వచ్చినా ప్రతిదీ నాకి చూసే పిల్లలు ఉంటారు. ఇరవై నెలలకే నోటి సంగతి మరిచి చేతులతో ఆడేవాళ్లూ ఉంటారు. వచ్చే అమ్మలను ముందురోజే అడగండి: ఇంట్లో నేల మీద గింజ కనిపిస్తే బిడ్డ ఏం చేస్తుంది?

నోట్లో పెట్టుకునే పిల్లలకు మరమరాలు, నానిన అటుకులు, ఉడికించిన చిన్న సగ్గుబియ్యం. ఆ అలవాటు తగ్గిన పిల్లలకు బియ్యం లేదా నూకలు. రెండున్నర దాటి, చెప్పిన మాట వినే పిల్లలకు రాగులు. ఏడాది లోపు పసికందులకు గింజల టబ్బే వద్దు. వాళ్లు వస్తే అమ్మ ఒడిలోనే ఉండాలి.

అసలు వాడకూడనివి ఇవి:

- వేరుశనగ గింజలు, శనగలు, బఠాణీలు, రాజ్మా, పెసలు, మినుములు. గుండ్రంగా, గట్టిగా, నున్నగా ఉండే గింజ గొంతులోంచి శ్వాసనాళంలోకి జారితే తడి తగిలి ఉబ్బుతుంది. ముక్కులో దూరినా అంతే. పైగా పచ్చి రాజ్మా విషపూరితం, నమిలితే వాంతులు పట్టుకుంటాయి.
- పాప్‌కార్న్, జొన్న పేలాలు. ఇవి మరమరాల్లా నోట్లో కరగవు.
- ఉప్పు. పిడికెడు మింగినా పసిపిల్లలకు ప్రమాదం.
- మైదా, గోధుమపిండి వంటి పచ్చి పిండ్లు. ఎగిరి ముక్కులోకి, కళ్లలోకి పోతాయి. ఉడకని పిండిలో క్రిములూ ఉండవచ్చు.
- నువ్వులు. ఎలర్జీ ఉండే పిల్లలు ఉంటారు, ఆ సంగతి ఇంట్లో తెలియకపోవచ్చు కూడా.

మరమరాల విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒకటీ రెండూ నోట్లో వేసుకుంటే ఉమ్మికి మెత్తబడతాయి. గుప్పెడు కుక్కుకుంటే మాత్రం అదీ అడ్డం పడుతుంది. కాబట్టి ఆ టబ్బు దగ్గర పెద్దవాళ్లు లేచి పోకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తోచదు. మన ఇళ్లలో బియ్యానికి పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలుపుతారు. అలాంటి బియ్యం ఎంత కడిగినా ఈ ఆటకు పనికిరావు. బస్తాలో మందు గోళీలు వేసి నిలవ ఉంచిన గింజలను ఆటకే కాదు, పిల్లలున్న గదిలోకే రానివ్వకండి. పప్పులకు ఆముదం పట్టించే అలవాటు ఉన్నవాళ్ల ఇంటి నుంచి ఏదైనా తెస్తే అదీ అడిగి తెలుసుకోండి. నేనైతే ఆట కోసం ఏమీ కలపని సాదా నూకలు వేరుగా కొంటాను. ధర తక్కువ, పోతే బాధ కూడా తక్కువ.

## 2. కొలతలు, పాత్రలు

నా టబ్బు సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు ఉన్న సాదా ప్లాస్టిక్ తొట్టి. అందులో నాలుగు సెంటీమీటర్ల మందాన బియ్యం పరచడానికి నాలుగు కిలోలకు కాస్త పైన పడతాయి. అదే మందానికి మరమరాలు అరకిలో సరిపోతాయి. మొదటిసారి చేసేవాళ్లు మరమరాలతో మొదలుపెట్టమని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం.

నాలుగు సెంటీమీటర్లు ఎందుకు? పసివాళ్ల చెయ్యి వేళ్ల మొదళ్ల దాకా మునగాలి, వస్తువు సగం దాగి సగం కనిపించాలి. ఇంతకంటే తక్కువైతే చెంచా అడుగును గీకుతుంది, ఆట తెగుతుంది. ఎక్కువైతే అంచు మీదుగా పొర్లిపోతుంది. తొట్టి లోతులో మూడో వంతు మించకుండా పోయండి.

ఒక టబ్బుకు ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఒకే రకం పాత్రలు రెండేసి. ఒక్క గరిటె పెడితే గరిటె కోసం గొడవే ఆ రోజు ఆట.

పాత్రల్లో నాకు బాగా పనికివచ్చినవి: స్టీలు గ్లాసులు, పాత కాలపు సోల, గిద్ద, చెక్క గరిటెలు, పెద్ద రంధ్రాల జల్లెడ, ఇడ్లీ ప్లేటు, అట్ట గొట్టాలు. ఇడ్లీ ప్లేటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రెండేళ్ల పిల్ల ఒకతి ఒక్కో గుంటలో మూడు వేళ్లతో బియ్యం చిటికెడు చిటికెడు వేస్తూ, నాలుగు గుంటలూ నిండాక ప్లేటు బోర్లించి, మళ్లీ మొదటి గుంట నుంచి మొదలుపెట్టింది. పావుగంట తల ఎత్తలేదు. వాళ్ల అమ్మ ఫోటో తీయబోతే నేనే ఆపాను. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ పని అక్కడితో పోతుంది.

గరాటు అందరూ పెడతారు. అందరి గరాటూ మూసుకుపోతుంది. తప్పు పిల్లలది కాదు. బియ్యపు గింజ ఐదారు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. గరాటు కాడ ఒక సెంటీమీటరే ఉంటే గింజలు ఒకదాని మీద ఒకటి అడ్డం పడి వంతెనలా నిలబడిపోతాయి. రెండు సెంటీమీటర్లకు పైగా నోరున్న గరాటు పెట్టండి. లేకపోతే ఆ ఇరుకు గరాటును రాగుల టబ్బుకు వాడండి, రాగులు నీళ్లలా జారిపోతాయి. కిరోసిన్, నూనె పోసిన గరాటు మాత్రం ఎన్నిసార్లు కడిగినా వద్దు.

వస్తువు పెట్టవచ్చా కూడదా అన్న అనుమానం వస్తే ఇంట్లోనే పరీక్ష ఉంది. టిష్యూ పేపరు రోలు అయిపోయాక మిగిలే అట్ట గొట్టం తీసుకోండి. వస్తువు అందులోంచి దూరిపోతే మూడేళ్ల లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. బొత్తాలు, గవ్వలు, చింతగింజలు, చిన్న సీసా మూతలు, అయస్కాంతాలు అన్నీ ఈ పరీక్షలో ఓడిపోతాయి. గొట్టంలో దూరని పాత్రలకు అంచుల మీద వేలు తిప్పి చూడండి. పాత జల్లెడ తీగ ఎక్కడో ఒక చోట లేచి ఉంటుంది.

## 3. ముందురోజు చేయవలసినవి

బియ్యం చేటలో పోసి చెరిగి, రాళ్లు ఏరండి. మరమరాలను జల్లించండి, అడుగున ఇసుక దిగుతుంది. ఉప్పు, కారం కలిపిన మరమరాలు వద్దు.

రంగు తప్పనిసరి కాదు. పసివాళ్లకు తెల్ల బియ్యమే చాలు. ఫోటోల్లో బాగుంటుందని పెద్దవాళ్లకే రంగు కావాలి. అయినా ఒక రంగు కావాలంటే పసుపుతో వేయండి. కిలో బియ్యానికి రెండు చిన్న చెంచాల వంటపసుపు, మూడు చెంచాల నీళ్లు, ఒక చెంచా నిమ్మరసం. ముందు పసుపును, నిమ్మరసాన్ని నీళ్లలో కలిపి, మూత గట్టిగా పట్టే డబ్బాలో బియ్యంతో పాటు వేసి రెండు నిమిషాలు ఊపండి. పాత గుడ్డ మీద పలచగా పరిచి ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది. గుప్పెడు తీసి పిండినప్పుడు చేతికి చెమ్మ తగలకపోతే ఆరినట్టు.

పసుపు బట్టలకు అంటుతుందని అమ్మలకు ముందే చెప్పండి. సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది, కంగారు పడవద్దు. ఉతికి ఎండలో ఆరేస్తే తగ్గుతుంది.

ఎరుపు కోసం కుంకుమ, ముగ్గు రంగులు వాడకూడదు. అందులో ఏం కలిపారో మనకు తెలియదు. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రనీళ్లు వస్తాయి కదా, పారాణిలా వాడదామని ఒకామె అడిగింది. అస్సలు వద్దు. సున్నం కంట్లో పడితే కన్ను కాలుతుంది. బీట్‌రూట్ రసం వాడవచ్చు కానీ దానిలోని తీపికి చీమలు పడతాయి, వారంలో రంగు గోధుమ రంగులోకి దిగుతుంది.

సగ్గుబియ్యం టబ్బు అయితే ఆ ఉదయమే చేయండి. చిన్న రకం సగ్గుబియ్యం రెండు గ్లాసులు గంట నానబెట్టి, పన్నెండు గ్లాసుల మరిగే నీళ్లలో వేసి, గింజ పారదర్శకంగా మారేదాకా ఉడికించండి. జల్లెడలో వంచి, చల్లని నీళ్లు ధారగా పోసి జిగురు కడిగేయండి. ఈ కడగడం మానేస్తే టబ్బులో పడేది గింజలు కాదు, ఒక ముద్ద. పూర్తిగా చల్లారాక మీ మోచేతి లోపలి వైపు తాకించి చూసి పోయండి. ఆట అయిపోగానే పారేయండి, దాచవద్దు. పెద్ద ముత్యాల్లాంటి సగ్గుబియ్యం ఉడికినా జారుడుగా, గుండ్రంగా ఉంటుంది, అది కొనకండి.

ముందురోజు సరిచూసుకోవలసినవి:

- పిల్లలందరి ఎలర్జీల సంగతి అమ్మలను అడిగానా?
- గింజల్లో బోరిక్ పౌడర్, మందు లేవని తెలుసా?
- ప్రతి పాత్రా అట్ట గొట్టం పరీక్ష దాటిందా? ఎన్ని పాత్రలు పెడుతున్నానో లెక్క రాసుకున్నానా?
- ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి చొప్పున ఎవరెవరు కూర్చుంటారో ముందే అనుకున్నామా?

## 4. గది సర్దడం

టైల్సు మీద బియ్యపు గింజలు పడితే పసిపిల్లలే కాదు, పెద్దవాళ్లూ జారిపడతారు. రాగులు ఇంకా ప్రమాదం. అందుకని టబ్బు కింద పెద్ద దుప్పటి పరచండి. టబ్బుకు ప్రతి వైపూ మీటరు దాకా దుప్పటి కనిపించాలి. ప్లాస్టిక్ షీటు వద్దు, దాని మీద గింజ ఇంకా జారుతుంది. దుప్పటి నూలుదైతే గింజ పడ్డచోటే ఆగుతుంది, చివర నాలుగు మూలలూ పట్టి ఎత్తితే అన్నీ మధ్యకు వస్తాయి.

టబ్బు నేల మీదే ఉండాలి. బల్ల మీద పెడితే పిల్లలు లాగి మీద పోసుకుంటారు. మూడు టబ్బుల మధ్య మనిషి నడిచేంత జాగా ఉంచండి. గదిలో నీళ్ల బకెట్ ఉండకూడదు. చేతులు కడగడానికి తడిగుడ్డ చాలు. కొంచెం నీళ్లున్న బకెట్లో కూడా పసివాడు తలకిందులుగా పడితే లేవలేడు.

మొదటి వారం ఒక అమ్మమ్మ మనవడితో వచ్చారు. టబ్బు చూడగానే ముఖం చిట్లించారు. "అమ్మాయీ, తిండి గింజల మీద ఆటలా? కాళ్లు తగిలితే ఎంత తప్పు!" అన్నారు. ఆమె మాట సగం నిజం. అప్పటి నుంచి టబ్బులోకి కాళ్లు పెట్టడం మా దగ్గర లేదు. పిల్లలు టబ్బు పక్కన కూర్చుంటారు, లోపల కూర్చోరు. దుప్పటి మీద పడ్డవి వెంటనే లోపలికి నెట్టేస్తాం. దీనివల్ల ఇంకో లాభం కలిగింది: పిల్లలు లోపల కూర్చోవడం మానేశాక గింజలు శుభ్రంగా ఎక్కువ వారాలు నిలుస్తున్నాయి. ఆ అమ్మమ్మ ఇప్పుడు పోసే టబ్బు దగ్గర కూర్చుంటారు, సోలతో కొలవడం ఆమెకంటే బాగా ఎవరికీ రాదు.

## 5. ఒక ఉదయం ఎలా నడిచిందో చూడండి

ఆరుగురు పిల్లలు. అందరికంటే చిన్నది పదిహేడు నెలలు, పెద్దవాడికి మూడేళ్లకు ఒక నెల తక్కువ. పెద్దవాళ్లం నలుగురం. ముగ్గురు టబ్బుల దగ్గర, ఒకరు తలుపు దగ్గర.

తోడే టబ్బు: అరకిలో మరమరాలు, రెండు స్టీలు గిన్నెలు, రెండు చెక్క గరిటెలు. చిన్నపిల్లలు ఇద్దరూ ఇక్కడ.

పోసే టబ్బు: నాలుగు కిలోల నూకలు, రెండు సోలలు, రెండు గ్లాసులు, ఒక ఇడ్లీ ప్లేటు. రెండేళ్ల చుట్టుపక్కల ఉన్న ఇద్దరు.

వెతికే టబ్బు: నాలుగు కిలోల పసుపు బియ్యం. అందులో సగం సగం పూడ్చిన నాలుగు వస్తువులు: కడిగిన బంగాళాదుంప, నిమ్మకాయ, కాకరకాయ, చెక్క చెంచా. పెద్దపిల్లలు ఇద్దరు. నిమ్మకాయ వాసన, కాకరకాయ గరుకు, దుంప బరువు, ఏ రెండూ ఒకలా ఉండవు. కాకరకాయను కొరికి చూసినవాడు మళ్లీ కొరకడు. కూరగాయలు తాజాగా, గట్టిగా ఉన్నవే పెట్టండి, ముక్క ఊడేలా మెత్తబడినవి వద్దు.

మొదటి ఐదు నిమిషాలు పాత్రలు ఏవీ ఇవ్వలేదు. చేతులు మాత్రమే. గింజ మీద అరచెయ్యి ఆనించడం, వేళ్ల సందుల్లోంచి జారవిడవడం. పాత్రలు ముందే ఇస్తే పిల్లలు గింజను ముట్టరు, గ్లాసును ముడతారు.

ఐదో నిమిషంలో గ్లాసులు, గరిటెలు పెట్టాం. మాటలు తక్కువ, పనికి సరిపోయేవి మాత్రమే: పోయి, ఒంపు, తోడు, నిండింది, ఖాళీ, ఇంకా. ఇది ఏ రంగు, ఎన్ని ఉన్నాయి అనే ప్రశ్నలు వద్దు. స్టీలు గ్లాసులో నూకలు పడే చప్పుడు, గ్లాసు నిండేకొద్దీ ఆ చప్పుడు మారడం పిల్లలు వాళ్లంతట వాళ్లే వింటారు. ఒకడు గ్లాసును చెవికి ఆనించుకుని ఇంకో చేత్తో పోసుకున్నాడు. నూకలు సగం మెడలోకి పోయాయి. చెవిలోకి పోకుండా గ్లాసు దించి, కింద పెట్టి పోయడం చూపించాను.

పన్నెండో నిమిషంలో పదిహేడు నెలల పాప మరమరాలు గుప్పెటతో నోటి దగ్గరకు తెచ్చింది. పక్కనున్న ఆమె "వద్దు" అని అరవకుండా ఆ గుప్పెటను గిన్నె వైపు తిప్పి "గిన్నెలో పోయి" అంది. మూడోసారి కూడా నోటికే తెచ్చేసరికి పాపను ఎత్తుకుని కాసేపు తలుపు దగ్గరకు తీసుకెళ్లింది. మూడుసార్లు అయితే ఆ రోజుకు ఆ పిల్లకు టబ్బు చాలు. ఇది శిక్ష కాదు, ఆకలో నిద్రో అయి ఉంటుంది. ఆ రోజు ఆకలే.

ఇరవై నిమిషాలకు టబ్బులు మార్చవలసింది, మార్చలేదు. వెతికే టబ్బు దగ్గరివాళ్లు దుంపను పూడ్చి, తీసి, మళ్లీ పూడుస్తున్నారు. పూడ్చడం వాళ్లే కనిపెట్టారు, మేం చెప్పలేదు. ఆట సాగుతుంటే కాగితం మీది సమయపట్టిక పక్కన పెట్టండి. అయితే పిల్లలు మారితే, చిన్నవాళ్లు మరమరాల నుంచి నూకలకు మారకూడదు. మార్పు ఎప్పుడూ గట్టి గింజ నుంచి మెత్తటి గింజ వైపే.

ముప్పై ఐదో నిమిషంలో ఒకడు గ్లాసుడు నూకలు గాల్లోకి చల్లాడు. అంటే అయిపోయిందని అర్థం. ఒకడు చల్లితే ఆగవచ్చు, ఇద్దరు చల్లారంటే టబ్బులు ఎత్తేయాలి.

## 6. తరచుగా జరిగే తప్పులు, వాటికి దారులు

పిల్లలు చెయ్యి పెట్టరు, దూరంగా నిలబడతారు. కొందరికి గింజ చేతికి తగలడం నచ్చదు. చెయ్యి పట్టుకుని లోపల ముంచవద్దు. పొడవాటి గరిటె ఇవ్వండి, చెయ్యి తగలకుండా తోడనివ్వండి. మీరు మీ చెయ్యి ముంచి ఊరుకోండి. రెండో వారమో మూడో వారమో వేలు పెడతారు.

ఎప్పుడూ చల్లేయడమే. గింజ ఎక్కువైంది లేదా పాత్ర చిన్నదైంది. గింజ సగానికి తగ్గించి, చిన్న గ్లాసు తీసేసి పెద్ద గిన్నె పెట్టండి. చల్లాలనే కోరిక బలంగా ఉంటే ఆ పిల్లకు జల్లెడ ఇవ్వండి. జల్లించడం కూడా చల్లడమే, కాకపోతే టబ్బులోకి.

సగ్గుబియ్యం ముద్దకట్టింది. చన్నీళ్లు పోసి చేత్తో విడదీయండి. అప్పటికీ విడకపోతే ఉడకడం ఎక్కువైంది, ఆ రోజుకు మరమరాలు పెట్టుకోండి.

ఒక పిల్ల ప్రతిసారీ పచ్చి బియ్యం అదే పనిగా నములుతుంది. రుచి చూడటం వేరు, వెతుక్కుని తినడం వేరు. ఇంట్లో కూడా బియ్యం, మట్టి, సుద్ద తింటుందా అని వాళ్ల అమ్మను పక్కకు పిలిచి నెమ్మదిగా అడగండి. రక్తంలో ఇనుము తగ్గినప్పుడు ఈ అలవాటు కనిపిస్తుంది. పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పండి.

కళ్లు నలుపుకుంటారు. పసుపు చేతులతో నలుపుకుంటే మండుతుంది. మొదటే తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి. కంట్లో నలక పడితే శుభ్రమైన నీళ్లతో కడగండి, నలపనివ్వకండి.

## 7. గింజ దారి తప్పితే

ముక్కులో: వెలికి తీయడానికి పిన్ను, వేలు పెట్టకండి, లోపలికి పోతుంది. నీళ్లు పోయకండి, గింజ ఉబ్బుతుంది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఎవరూ చూడకుండా పెట్టుకుంటే రెండు మూడు రోజులకు ఒక్క ముక్కు రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంది. అది జలుబు కాదని గుర్తించండి.

చెవిలో: నూనె, నీళ్లు ఏవీ వేయవద్దు. ఇదీ డాక్టరు పనే.

గొంతులో: పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, వీపు తట్టి ఆపకండి. దగ్గలేక, ఏడవలేక, శబ్దం రాకుండా ఉంటే ఒకరు వెంటనే 108కి ఫోను చేయాలి. ఇంకొకరు పిల్లను ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకవద్దు. పిల్ల స్పృహ తప్పితే గుండె నొక్కి ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. ఇది చదివితే రాదు. మీ గుంపులో కనీసం ఇద్దరు ఎక్కడైనా శిక్షణ తీసుకోండి.

గింజ గొంతులో పడి దగ్గి, ఆ తరువాత మామూలుగానే కనిపించినా, ఆ సాయంత్రం నుంచి దగ్గు, పిల్లికూతలు వస్తే ఆలస్యం చేయకండి. గింజ ఊపిరితిత్తుల దారిలో ఉండిపోయి ఉండవచ్చు.

## 8. ఎత్తి దాచడం

పిల్లలను ముందు లేపి, అరచేతులు, వేళ్ల సందులు, చొక్కా జేబులు దులపండి. ప్యాంటు మడతలో, సాక్సులో గింజలు ఇంటికి వెళ్తాయి. తరువాత పాత్రలు లెక్కపెట్టండి. ముందురోజు రాసిన సంఖ్యకు ఒకటి తగ్గితే అది దొరికేదాకా గింజలు డబ్బాలో పోయకండి.

దుప్పటి ఎత్తి, గింజలు జల్లించి, ఎండుటాకు, వెంట్రుక తీసేసి, గాలి చొరని డబ్బాలో పోయండి. బియ్యం మధ్య ఎండిన వేపాకు నాలుగైదు రెబ్బలు ఉంచవచ్చు, ఆటకు ముందు తీసేయాలి. డబ్బా మీద పోసిన తేదీ రాయండి. మా దగ్గర సాదా నూకలు ఆరు వారాలు, వానాకాలంలో మూడు వారాలు. ఎవరికైనా జలుబో విరేచనాలో ఉన్న వారం వాడినవి దాచవద్దు. ఉమ్మి తగిలిన మరమరాలు ఏ రోజుకారోజు పారేయాలి.

వాసన మారినా, గింజలు చిట్లి దుమ్ము పేరుకున్నా, పురుగు కనిపించినా మార్చే రోజు వచ్చింది. రంగు వేయని నూకలైతే మేడ మీద పిచ్చుకలకు చల్లండి. పసుపు వేసినవి మొక్కల కుండీలో వేయండి. మా కుండీలో ఒకసారి పసుపు బియ్యం వేసిన మర్నాడే చీమలు అన్నీ మోసుకుపోయాయి, నేను చేయవలసిన పని ఏమీ మిగల్లేదు.